సంతకం ఉన్న చెల్లు పనికిరాలేదు, సంతకం లేని చెల్లే దిక్కు

ప్రశ్న: మా ఆడబిడ్డ కొడుకుకు 2022 జూన్ 17న రెండు లక్షలు ఇచ్చాను. నూటికి రెండు రూపాయల మిత్తి. స్టాంపు మీద సంతకం పెట్టి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. 2024 మార్చి 5న ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని వస్తూ ఇరవై వేలు చేతికిచ్చాడు. తొందరలో ఉన్నాడని నోటు వెనుక నేనే రాసుకున్నాను. మళ్ళీ 2025 ఆగస్టు 30న పదివేలు ఇచ్చి 'ఈ నోటు బాపతు రూ.10,000 చెల్లు' అని తానే రాసి సంతకం పెట్టాడు. సంతకం ఉంది కదా, అక్కడి నుంచి ఇంకో మూడేళ్ళు ఉన్నట్టే అనుకున్నాను. పక్కింటాయన మాత్రం నోటు మురిగిపోయింది అంటున్నాడు. పిల్లవాడిని అడిగితే 'ఎక్కడికి పోతయి అత్తా నీ పైసలు, దసరా కాంగనే ఇస్త' అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. దసరా పోయింది. 2024లోనే వాళ్ళు అన్నదమ్ములు వేరుపడ్డారు. నా అప్పు ఇతని వంతుకు వేశారని విన్నాను. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

సమాధానం: అమ్మా, మీ పక్కింటాయన మాట ఇవాళ్టికైతే నిజమే. ఈ నోటును ఉన్నదున్నట్టు తీసుకుపోయి దావా వేస్తే కోర్టు కొట్టేస్తుంది. అయితే దాన్ని నిలబెట్టుకునే దారి ఇంకా ఉంది. మీరు ధైర్యంగా చూపిస్తున్న ఆగస్టు సంతకంలో కాదు, తొందరలో మీరే రాసుకున్న ఆ మార్చి ఇరవై వేలలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. మీ నోటులో ఫలానా తేదీకి ఇస్తానని లేదు, 'అడిగినప్పుడు చెల్లించగలవాడను' అని ఉండి ఉంటుంది. మన దగ్గర రాసే నోట్లు నూటికి తొంభై ఇలాంటివే. మనం అడిగిన రోజు నుంచి మూడేళ్ళు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇలాంటి నోటుకు మూడేళ్ళు నోటు రాసిన తేదీ నుంచే నడుస్తాయి. రాసిన రోజు లెక్కలోకి రాదు. ఆ ప్రకారం మీకు దావా వేయడానికి ఆఖరి రోజు 2025 జూన్ 17. ఆ రోజు దాటితే కాలదోషం పట్టినట్టే. అప్పు లేకుండా పోదు, అతను రేపు మొత్తం తెచ్చి ఇస్తే అది మీ సొమ్మే, గడువు దాటాక ఇచ్చానని తిరిగి అడిగే హక్కు అతనికి ఉండదు. మూసుకుపోయేది కోర్టు తలుపు మాత్రమే. ఇంకో సంగతి, అవతలివాడు గడువు ఊసెత్తకపోయినా సరే, కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ ప్రకారం జడ్జి తానే చూసి దావా కొట్టేయాలి. 'మావాడు కోర్టులో అలాంటి మాటలు మాట్లాడడు' అనే భరోసా ఇక్కడ పనిచేయదు.

ఇప్పుడు ఆగస్టు చెల్లు సంగతి. కాలపరిమితి చట్టం 1963లో 18, 19 సెక్షన్లు పక్కపక్కనే ఉంటాయి. బాకీ ఉన్నానని బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, ఆ సంతకం నాటి నుంచి కొత్తగా మూడేళ్ళు లెక్క అంటుంది 18. అసలులో గానీ మిత్తిలో గానీ కొంత కడితే, కట్టిన రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు అంటుంది 19. రెండింటికీ ఒకటే షరతు, ఆ ఒప్పుకోలైనా ఆ చెల్లింపైనా పాత గడువు తీరకముందే జరగాలి. మీ వాడు పదివేలు ఇచ్చింది జూన్ 17 దాటిన 74 రోజులకు. డబ్బు నిజం, సంతకం నిజం, రాత అతని చేతిదే. అయినా అప్పటికే తీరిపోయిన గడువును అది పొడిగించలేదు. జూన్ మొదటి వారంలో అదే పదివేలు, అదే సంతకం పడి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

మార్చి ఇరవై వేలు అలా కాదు. 2024 మార్చి 5 అంటే గడువు తీరడానికి ఇంకా ఏడాది మూడు నెలలు ఉంది. చెల్లింపు సరైన సమయంలోనే జరిగింది. లోటు ఒక్కటే. కట్టిన సంగతి, కట్టినవాడి చేతిరాతలోనైనా ఉండాలి, వేరేవాళ్ళు రాసిన కాగితం మీద అతని సంతకమైనా ఉండాలి అని 19వ సెక్షన్ అంటుంది. మీ చేత్తో మీరు రాసుకున్నది ఎంత నిజమైనా ఈ షరతుకు సరిపోదు.

నేను కొత్తగా నల్లకోటు వేసుకున్న రోజుల్లో హన్మకొండలో మా సీనియర్ దగ్గరికి ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చాడు. నోటు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మడత కూడా పడకుండా దాచుకున్నాడు. వెనుక నాలుగు చెల్లులు, తేదీలతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలు. అన్నీ ఆయనవే. బాకీదారు సంతకం ఒక్కదాని కిందా లేదు. 'నేను అబద్ధం రాసుకుంటానా సార్' అని ఆయన అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. దావా ఓడిపోయాం. ఆయన అబద్ధం రాశాడని కోర్టు అనలేదు. అప్పిచ్చినవాడి రాతనే నమ్మితే ఎవరైనా ఆఖరి రోజు నోటు తిప్పి 'వంద ముట్టింది' అని రాసుకుని మూడేళ్ళు పొడిగించుకోవచ్చు కదా, అందుకే చట్టం అవతలివాడి చేయి అడుగుతుంది.

మీ విషయంలో కలిసొచ్చేది ఏమిటంటే, చెల్లింపు గడువులోపల జరగాలి గానీ, జరిగిందన్న రాత గడువులోపలే ఉండాలని లేదు. 1951లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చింది. అప్పటికి అమల్లో ఉన్నది 1908 చట్టం, ఇప్పటి 19వ సెక్షన్ అక్కడ 20గా ఉండేది. ఆ తీర్పు ప్రకారం బాకీదారు రాత గడువు తీరిన తర్వాత వచ్చినా చెల్లుతుంది, కానీ దావా వేసేనాటికి అది చేతిలో ఉండాలి. కేసు వేశాక తెచ్చుకుంటే కుదరదు. అంటే మీ మేనల్లుడు ఇవాళ కూర్చుని, 2024 మార్చి 5న ఈ నోటు కింద ఇరవై వేలు ఇచ్చానని రాసి సంతకం పెడితే, మీ గడువు ఆ మార్చి 5 నుంచి మళ్ళీ లెక్కకొస్తుంది. 2027 మార్చి 5 దాకా దావా వేసుకోవచ్చు.

అతను ఎగ్గొడతాననడం లేదు, అత్తా అనే పిలుస్తున్నాడు. ఆ మంచితనం ఉన్నప్పుడే ఈ పని కానివ్వండి. లాయరు నోటీసుతో మొదలుపెట్టవద్దు. నోటీసు వెళ్ళిన మర్నాడు అతను ఇంకో లాయరు దగ్గర కూర్చుంటాడు. ఆ లాయరు చెప్పే మొదటి మాట 'దేని మీదా సంతకం పెట్టకు' అని. అన్నట్టు, మనం నోటీసు పంపితే గడువు పెరుగుతుందనే నమ్మకం ఊళ్ళలో గట్టిగా ఉంది. పెరగదు. పెంచేది బాకీదారు రాత, అతని చెల్లింపు. మన రాతలు కావు.

రాయించుకునేటప్పుడు రెండు పనులూ ఒకే కాగితంతో అయ్యేలా చూసుకోండి. మార్చి చెల్లింపును ఒప్పుకోవడం ఒకటి. రెండోది, ఈ బాకీ ఇస్తానని స్పష్టంగా మాటివ్వడం. కాంట్రాక్టు చట్టం 1872లో 25వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఉంది. కాలదోషం పట్టిన అప్పును సైతం తీరుస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం అవుతుంది, కొత్తగా డబ్బు చేతులు మారనక్కరలేదు. ఇది గడువు దాటిన తర్వాత కూడా పనిచేస్తుంది. అయితే 'బాకీ ఉన్నాను' అంటే చాలదు, 'చెల్లిస్తాను' అని ఉండాలి. ఆగస్టు 30న అతను రాసిన మాటలు మళ్ళీ చదవండి: 'ఈ నోటు బాపతు రూ.10,000 చెల్లు'. ఇచ్చింది రాశాడు, మిగతాది ఇస్తానని రాయలేదు. ఆ ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ సంతకమే మిమ్మల్ని కాపాడేది.

కాగితంలో మాటలు ఇలా ఉంటే సరిపోతుంది:

'17-6-2022 తేదీన మీ దగ్గర రూ.2,00,000 అప్పు తీసుకుని నేను రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు కింద, 5-3-2024 నాడు రూ.20,000, 30-8-2025 నాడు రూ.10,000 నగదుగా మీకు ముట్టజెప్పాను. ఈ రెండూ మిత్తి కింద జమ. అసలు రూ.2,00,000, దాని మీద మిగిలిన మిత్తి నేను మీకు బాకీ ఉన్నాను. ఆ మొత్తాన్ని మీరు అడిగినప్పుడు మీకు చెల్లిస్తానని ఒప్పుకుని ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను.'

రెండు లక్షలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు నాలుగు వేలు. ఇప్పటిదాకా ముట్టిన ముప్పై వేలు ఏడున్నర నెలల మిత్తి మాత్రమే. అందుకే మిత్తి కింద జమ అని రాయించమంటున్నాను, అప్పుడు అసలు కదలదు. అతను మిత్తి లెక్క చూసి బెదిరి, అసలు వరకైతే రాసిస్తానంటే ఆలోచించుకోండి. 25వ సెక్షన్ కింద ఎంతకు మాటిచ్చాడో అంతకే దావా. నా మటుకు నేనైతే, మిత్తి కోసం గింజుకుని సంతకం పోగొట్టుకోవడం కంటే అసలు కాగితం మీదికి తెచ్చుకోవడమే నయమంటాను.

వీలైతే కాగితం మొత్తం అతని చేతే రాయించండి, కింద తేదీ కూడా అతనే వేయాలి. రెవెన్యూ స్టాంపు అతికించి సంతకం స్టాంపు మీదుగా పోయేలా పెట్టించండి. ఇలాంటి రాతను కోర్టు ప్రామిసరీ నోటుగా చూసే అవకాశం ఉంది. స్టాంపు లేని నోటును తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు లేదు, అది సాక్ష్యానికే పనికిరాదు. ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది, చట్టం అడగకపోయినా. పాత నోటు మాత్రం డబ్బు మొత్తం చేతికొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి.

ఇదంతా ఎందుకు, కొత్త నోటు రాసిస్తాను అని అతనంటే అదీ మంచిదే, రాసిన రోజు నుంచి మూడేళ్ళు. కానీ ఇక్కడ ఒక పాడు అలవాటు ఉంది. అచ్చు నోటులో ఖాళీలు నింపేసి 'ఈ దినము మీ వద్ద నగదుగా ముట్టినది' అనే మాటను అలాగే వదిలేస్తారు. రేపు కోర్టులో అతని లాయరు 'ఆ రోజు మీరు ఎంత డబ్బు ఇచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారు' అని అడిగితే మీరు ఇవ్వలేదనే చెప్పాలి. నోటు బలం అక్కడే జారిపోతుంది. 'ఫలానా తేదీ పాత నోటు బాకీ కింద' అని రాయించండి. ఉన్న నిజం రాసుకుంటే ఎదురు ప్రశ్నకు భయపడక్కరలేదు.

మీరు ఉత్తరం చివర పక్కన పడేసినట్టు రాసిన మాట ఒకటి ఉంది. 2024లో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మీ అప్పు అతని వంతుకు వేశారని. పంపకాల కాయితం రాసుకున్నారా? మన ఊళ్ళలో పెద్దమనుషుల ముందు భూములు, బోర్లు, పశువులు, అప్పులు వంతులు వేసి రాస్తారు, చివర అందరూ సంతకాలు పెడతారు. అందులో 'పరకాల అత్తకు రెండు లక్షలు పెద్దవాడు కట్టుకోవాలి' అన్న వరుస ఉండి, కింద ఇతని సంతకం ఉంటే అది 18వ సెక్షన్ కింద నిఖార్సైన ఒప్పుకోలు. అది మీ పేరున రాసింది కాకపోయినా పర్లేదు. ఎవరిని ఉద్దేశించి రాసినా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. 'అప్పు ఉంది గానీ ఇప్పుడు ఇవ్వలేను' అని రాసినా చెల్లుతుంది. ఆ కాయితం 2024 ఏ నెలదైతే ఆ తేదీ నుంచి మీకు మూడేళ్ళు. అలాంటిది ఉంటే మేనల్లుడు ఇవాళ సంతకం పెట్టకపోయినా మీ కేసు నిలుస్తుంది.

కాబట్టి అసలు కాయితం ఎవరి దగ్గరుందో వాకబు చేయండి. జిరాక్స్ అయినా ముందు సంపాదించండి. దాని మీద తేదీ లేకపోతే ఎప్పుడు రాశారో సాక్షులతో చెప్పించుకోవచ్చు. కానీ కాయితం పోయింది, అందులో ఏముందో మేం చెబుతాం అని పెద్దమనుషులు నోటిమాటగా చెబితే, 18వ సెక్షన్ మామూలుగా దాన్ని ఒప్పుకోదు. సరైన స్టాంపు లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని ఉంటే కోర్టులో పెట్టేటప్పుడు సుంకం, దానిపై జరిమానా కట్టమనవచ్చు. అది ఎంతవుతుందో దావా వేయకముందే మీ లాయరుతో లెక్క వేయించుకోండి.

వాట్సాప్ వాయిస్ గురించి రెండు మాటలు. 18కీ 19కీ కావలసింది రాత, సంతకం. గొంతు రాత కాదు. అదీగాక దసరాకు ఇస్తానన్న ఆ మాట గడువు దాటాక వచ్చింది. ఫోన్‌లోంచి తీసేయకండి, సంతకం గురించి అతను రేపు అడ్డం తిరిగితే అప్పు ఉందని చెప్పడానికి పక్క సాక్ష్యంగా ఉంటుంది. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ఇకముందు ఏమైనా ఇస్తే చేతికి నగదు కంటే చెక్కు అడగండి. చెక్కు మీద ఇచ్చేవాడి సంతకం ఉంటుంది కాబట్టి చెల్లింపుతో పాటు రాత కూడా అందులోనే వస్తుంది. 1967లో సుప్రీంకోర్టు చెక్కు చెల్లింపును ఇలాగే లెక్కలోకి తీసుకుంది. ముందు తేదీ వేసిన చెక్కైతే ఇచ్చిన రోజు కాదు, దాని మీదున్న తేదీయే చెల్లింపు తేదీ. ఫోన్‌పే చేస్తే డబ్బు వచ్చిందనడానికి బ్యాంకు లెక్క ఉంటుంది గానీ సంతకం ఏదని ప్రశ్న వస్తుంది. ఫోన్‌పే చేసిన రోజే నోటు వెనుక ఒక వరుస రాయించుకుంటే ఆ గొడవ ఉండదు.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆగస్టు చెల్లులో 8ని 5 చేస్తే గడువులోకి వచ్చేస్తుంది కదా అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. మార్చి రాత కింద ఎవరితోనో సంతకం గీకించమనేవాళ్ళూ ఉంటారు. సిరా తేడా, దిద్దిన గీత నిపుణుడి భూతద్దం కింద పట్టుబడతాయి. దొరికితే చెల్లే కాదు, నోటు మొత్తం చెల్లకుండా పోతుంది, పైగా ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. మేనల్లుడు తానే 'పాత తేదీ వేసి సంతకం పెడతా అత్తా' అన్నా వద్దనండి. ఇవాళ్టి తేదీతో, జరిగింది జరిగినట్టు రాస్తేనే మీకు కావలసిన బలం వస్తుంది.

నోటు మీద అతనితో పాటు తమ్ముడు గానీ భార్య గానీ అప్పుదారుగా సంతకం పెట్టి ఉంటే, కొత్త కాగితం మీద వాళ్ళ సంతకాలూ కావాలి. ఒకరు ఒప్పుకున్నంత మాత్రాన రెండోవారికి గడువు పెరగదు, అది 20వ సెక్షన్. జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అలాంటివాళ్ళ మీద దావాకు వాళ్ళు దేశంలో లేని రోజులు 15వ సెక్షన్ ప్రకారం గడువులోంచి తీసేస్తారు. మీ వాడు ఊళ్ళోనే ఉన్నాడు కాబట్టి ఆ వెసులుబాటు మీకు రాదు.

ఒకవేళ సంతకం పెట్టనన్నాడు, పంపకాల కాయితం దొరకలేదు. అప్పుడు కోర్టు ఫీజు కట్టవద్దు, ఎవరైనా గెలిపిస్తామంటే నమ్మవద్దు. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి అడగడమే మిగులుతుంది. అక్కడైనా నోటిమాటతో లేచి రాకండి, ఇస్తాననే మాట కాగితం మీద సంతకంతో పడితే కాంట్రాక్టు చట్టం 25 కింద అదే మీకు కొత్త నోటుతో సమానం.

కాగితం చేతికొచ్చాక లాయరు దగ్గరికి వెళ్ళినప్పుడు నోటు, కొత్త రాత, దొరికితే పంపకాల కాయితం, మూడూ పట్టుకెళ్ళండి. మూడేళ్ళు దాటిన నోటు మీద దావా ఎలా నిలుస్తుందో అర్జీలోనే రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డర్ 6వ రూల్ చెబుతుంది. మార్చి 5 చెల్లింపు, దాన్ని ఒప్పుకుంటూ రాసిన కాగితం తేదీ, ఇస్తానన్న మాట అర్జీలో ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందు మీరే ఒకసారి చదివించుకోండి.